బ్యూగుల్ కూత విని సిపాయికి హుకుం ఎలా అర్థమయ్యేది? (1857 కథ కోసం అడుగుతున్నా)

ఓరుగల్లు కథకుడు – శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఒక కథ రాస్తున్నాను. 1857 సెప్టెంబరు 14, ఢిల్లీ కాశ్మీరీ గేటు. ఇంగ్లిషువాళ్లు గేటు పేల్చేసి లోపలికొచ్చిన పొద్దు. నా కథానాయకుడు గోడ లోపలున్న సిపాయి. అంతకుముందు పదేళ్లు కంపెనీ కొలువులో చేసి తిరగబడ్డవాడు. బయట కందకంలోంచి బ్యూగుల్ వినబడుతుంది. అది వినగానే అతనికి "ఇక వచ్చేస్తున్నారు" అని తెలిసిపోవాలి. అక్కడే కథ మలుపు.

నా అనుమానం ఏంటంటే, ఆ కూతలో అసలు ఏముంటుంది? సినిమాల్లో అన్నీ ఒకేలా వినబడతాయి నాకు. తుపాకులు పేలుతుంటే అది చెవిన పడుతుందా? అవతలి పక్షం వాడికి కూడా అర్థమవుతుందా? మిలటరీలో పనిచేసినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

---

కోనసీమ చిన్నా – శనివారం, రాత్రి 9:31

అన్నా, మా అక్క పెళ్లి ఫాల్గుణంలో. ఊరేగింపుకి ఈసారి మామూలు బ్యాండు మేళం వద్దు, గౌన్లు వేసుకుని సంచి ఊదే బ్యాండు కావాలని బావగారి పట్టు. ఎక్కడ దొరుకుతారు, రేటెంత? మీ పోస్టులో బ్యాండు వాళ్ల సంగతి ఉన్నట్టుందని అడుగుతున్నా.

---

మాధవరం మాజీ – శనివారం, రాత్రి 10:05

చిన్నా, అది గౌను కాదు, కిల్ట్. నీ సంగతి తర్వాత చూద్దాం.

కథకుడు గారూ, మాది మిలటరీ మాధవరం పక్క ఊరు. ఇన్‌ఫాంట్రీలో చేశాను, మొదట బ్యూగ్లర్‌గా, తర్వాత నువ్వన్న ఆ సంచి ఊదే పైప్ బ్యాండులో. పచ్‌మఢీలో మ్యూజిక్ కోర్సు చేసొచ్చినవాణ్ణి. తెలిసినంత చెప్తాను.

బ్యూగుల్‌కి మీటలుండవు, రంధ్రాలుండవు. చుట్టచుట్టిన ఒక గొట్టం, అంతే. పెదాలు బిగించి ఊదితే పైస్వరం, వదులుచేసి ఊదితే కిందిస్వరం. ఆ గొట్టం తనంతట తాను ఇచ్చే స్వరాల్లో మేం వాడేవి ఐదే. సంగీతం తెలిసినవాళ్లకి మన లెక్కలో చెప్పాలంటే స, ప, పై స, పై గ, పై ప. రి లేదు, మ లేదు, ద లేదు, ని లేదు. అంటే పేరుకి ఐదు, నిజానికి మూడు స్వరాలతోనే మా కాల్స్, అదే కూతలు, అన్నీ కట్టారు. మీకన్నీ ఒకేలా వినబడటంలో మీ చెవి తప్పేం లేదు.

మరి తేడా ఎక్కడుంటుందంటే నడకలో. ఎక్కడ పొట్టిగా కొట్టాం, ఎక్కడ సాగదీశాం, ఎక్కడ పైకెక్కి ఆగాం, ఎక్కడ కిందికి దిగి ఆగాం. రిక్రూట్‌కి స్వరాలు నేర్పరు. ప్రతి కాల్‌కీ ఏవో పిచ్చి మాటలు కట్టి పాడతారు. తిండి కాల్‌కి తిండి మాటలు, పొద్దున్నే లేపే కాల్‌కి బూతులు. రెండు వారాల్లో ఒంటికి పట్టేస్తుంది. నేను రిటైరై ఇన్నేళ్లయినా, చనిపోయిన సైనికులకి నివాళిగా ఊదే లాస్ట్ పోస్ట్ వినబడితే కూర్చున్నవాణ్ణి లేచి నిలబడతాను. ఆలోచించి లేవను.

కాబట్టి పదేళ్లు కొలువు చేసిన మీ సిపాయికి "అడ్వాన్స్" కూత చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది. కంపెనీ పల్టన్లకీ దొరల పల్టన్లకీ డ్రిల్లు ఒకటే, కాల్సూ అవే. తిరగబడ్డాక కూడా సిపాయిలు అవే కాల్స్ వాడుకున్నారు. రెండు పక్షాలూ ఒకే భాషలో కేకలేసుకున్న యుద్ధం అది.

---

చరిత్ర పురుగు – శనివారం, రాత్రి 10:48

మాధవరం సుబేదార్ గారు చెప్పినదానికి ఒక కొసరు. ఆ పొద్దు బ్యూగుల్ ఊదినవాడి పేరు రాబర్ట్ హాథార్న్, 52వ లైట్ ఇన్‌ఫాంట్రీ. గేటు పేల్చడానికి వెళ్లిన చిన్న గుంపుతో పాటు వెళ్లాడు. హోమ్, సాల్కెల్డ్ అని ఇద్దరు ఇంజనీర్ లెఫ్టినెంట్లు, కొందరు సార్జెంట్లు, తవ్వకం, పేల్చుడు పనులు చేసే మన సాపర్లు మందు సంచులు మోసుకెళ్లారు. ఆ పని చీకట్లో కావాల్సింది, ఆలస్యమై వెలుగు వచ్చేసింది. సాల్కెల్డ్ నిప్పంటించబోతుంటే గుండు తగిలింది. మందు పేలాక హాథార్న్ ఊదాలి, అది విని వెనక కాచుకున్న పటాలం పరుగెత్తాలి. ఒప్పందం అదీ.

మీ కథకు పనికొచ్చే ముక్క ఇక్కడుంది. చుట్టూ ఆ గోలలో వినబడదేమోనని ఆ కూత మూడుసార్లు ఊదించారని అప్పటి ఇంజనీర్ల అధికారి రిపోర్టులోనే ఉంది. ఒక్కసారి ఊదితే చాలదని అక్కడున్నవాళ్లకే అనుమానం అన్నమాట. గాయపడ్డ సాల్కెల్డ్‌కి కట్టు కట్టినవాడు కూడా ఈ బ్యూగ్లరే. అతనికి బ్రిటిష్ సైన్యంలో అతిపెద్ద శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. గేటు ఇప్పటికీ ఉంది, ఫలకం మీద మన సాపర్ల పేర్లూ ఉన్నాయి. ఢిల్లీ వెళ్తే మెట్రో దిగి చూడొచ్చు.

---

ఓరుగల్లు కథకుడు – శనివారం, రాత్రి 11:02

అబ్బ, మూడుసార్లు! ఇది బంగారం నాకు. మొదటిసారి మా వాడు సరిగ్గా వినడు, రెండోసారి గుర్తుపడతాడు, మూడోసారి తుపాకి ఎత్తుతాడు. థాంక్స్ పురుగు గారూ.

ఒక ప్రశ్న. ఊదింది "అడ్వాన్స్" ఒక్కటేనా? గేటు దగ్గర ఇంకా వేరే పటాలాలు కూడా ఉన్నాయి కదా, అన్నీ పరుగెత్తవా?

---

మాధవరం మాజీ – ఆదివారం, ఉదయం 6:20

మంచి ప్రశ్న వేశారు, అసలు కిటుకు అక్కడే ఉంది. ప్రతి రెజిమెంటుకీ సొంత కాల్ ఒకటుంటుంది, నాలుగైదు ముక్కల చిన్న కూత. ముందు అది ఊదాలి, తర్వాత హుకుం ఊదాలి. "ఒరేయ్ సుబ్బారావూ, ఇటు రా" అన్నట్టు. సుబ్బారావు అనకుండా "ఇటు రా" అంటే వీధిలో వాళ్లంతా తిరిగి చూస్తారు. ఆ పొద్దు హాథార్న్ ఊదింది కూడా ముందు 52వ రెజిమెంటు కాల్, ఆ వెంట అడ్వాన్స్.

మీ సిపాయి విషయంలో ఒక చిన్న సవరణ. అడ్వాన్స్ అతనికి తెలుసు. కానీ 52వ రెజిమెంటు సొంత కాల్ తెలుసో లేదో చెప్పలేం, ఒకే కంటోన్మెంటులో ఉండి ఉంటే తప్ప. కాబట్టి మొదటి ముక్క అతనికి ఏదో అపరిచితంగా, రెండో ముక్క ఉలిక్కిపడేట్టు తెలిసినదిగా వినబడాలి. అలా రాస్తే మాలాంటివాళ్లు చదివినా తప్పుపట్టలేరు.

---

డల్లాస్ బాబాయి – ఆదివారం, ఉదయం 7:45

ఇక్కడ అమెరికాలో సివిల్ వార్ మ్యూజియాలు చాలా తిరిగాను. ఇక్కడా అదే పద్ధతి. డాన్ బటర్‌ఫీల్డ్ అనే జనరల్ తన బ్రిగేడుకి సొంత కూత కట్టుకున్నాడు. సైనికులు దానికి "డాన్, డాన్, డాన్, బటర్‌ఫీల్డ్, బటర్‌ఫీల్డ్" అని ఆయన పేరే పెట్టి పాడుకునేవాళ్లట. బాగా అలిసిపోయిన రోజు అదే కూతకి వేరే మాట పాడేవాళ్లట, అది ఇక్కడ రాయను. ఇప్పుడు మిలటరీ అంత్యక్రియల్లో ఊదే "టాప్స్" కూడా 1862లో ఆయన మరమ్మతు చేయించిందే. దానికి ముందు నుంచీ ఉన్న పాత కూతని తన బ్యూగ్లర్ నార్టన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అక్కడ సాగదీసి, ఇక్కడ కుదించి మార్చాడు. అందులో మొత్తం 24 స్వరాలు.

ఇంకో సంగతి. చిన్నా అడిగిన ఆ సంచి వాయిద్యం, బ్యాగ్‌పైపు, శక్తి ఎంతటిదంటే, 1746లో స్కాట్లండు తిరుగుబాటు అణచాక బ్రిటిష్ వాళ్లు చట్టం చేసి బ్యాగ్‌పైపుని ఆయుధంగా ప్రకటించి నిషేధించారు. తుపాకీతో సమానం అన్నమాట!

---

చరిత్ర పురుగు – ఆదివారం, ఉదయం 8:30

బాబాయ్, బటర్‌ఫీల్డ్ సంగతి కరెక్టు. రెండోది సగం నిజం. ఆ చట్టంలో ఆయుధాలున్నాయి, గళ్లబట్టలున్నాయి, బ్యాగ్‌పైపు మాటే లేదు. జరిగిందేంటంటే, తిరుగుబాటు సైన్యంలో పైపు వాయించిన జేమ్స్ రీడ్ అనేవాణ్ణి యార్క్‌లో విచారించారు. "నేను కత్తి పట్టలేదు, పైపు వాయించానంతే" అన్నాడు. స్కాట్లండు కొండసీమవాళ్ల హైలాండు పటాలం పైపర్ లేకుండా ఎప్పుడూ కదలదు కాబట్టి పైపు కూడా యుద్ధ పరికరమే అని కోర్టు తేల్చి ఉరి వేసింది. ఒక్క మనిషి కేసు అది. జనం నోట్లో అది చట్టమైపోయింది.

---

డల్లాస్ బాబాయి – ఆదివారం, ఉదయం 8:41

సరే, ఒప్పుకుంటున్నా. కానీ ఉరి తీశారంటే అది నిషేధం కంటే తక్కువా, ఎక్కువా?

---

లక్ష్మీ టీచర్ – ఆదివారం, ఉదయం 11:15

మీ చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా స్కూల్లో ఆగస్టు 15 పరేడ్‌కి నేనే ఇన్‌చార్జిని. పిల్లల డ్రమ్ము బ్యాండు జెండా కర్ర పక్కన నిలబడి వాయిస్తుంది. పిల్లలు గ్రౌండు అవతలి చివర నుంచి వరసలుగా వస్తారు. ముందున్న తరగతులవాళ్లు చక్కగా అడుగు వేస్తారు, వెనకవాళ్లు మాత్రం తప్పుతారు. ఏటా ఇదే తంతు. ఈ ఏడు పీఈటీ సార్ వెనక వరస పిల్లల్ని నిలబెట్టి "చెవులు లేవా" అని తిట్టారు. వాళ్లు బుద్ధిగానే విన్నాం అంటారు. ఒక పాప ఏడ్చింది కూడా. మిలటరీ వాళ్లు దీన్ని ఎలా సరిచేస్తారు?

---

ఫిజిక్స్ మాస్టారు – ఆదివారం, మధ్యాహ్నం 12:20

అమ్మా, ఆ పిల్లలకి చెవులున్నాయి. బుద్ధిగా విన్నారు కాబట్టే తప్పారు. మీ గ్రౌండు ఎంత పొడవో చెప్పలేదు, ఈ చివరి నుంచి ఆ చివరికి ఓ 85 మీటర్లనుకుందాం.

శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే 85 మీటర్లు దాటడానికి పావు సెకను. మామూలు మార్చింగు నిమిషానికి 120 అడుగులు, అంటే అడుగుకి అర సెకను. బ్యాండు దగ్గరున్న పాప ఎడమకాలు నేల మోపేసరికి, 85 మీటర్ల దూరంలో ఉన్న పాపకి ఆ దెబ్బ ఇంకా చేరలేదు. పావు సెకను తర్వాత చేరుతుంది, అప్పుడు మోపుతుంది. అప్పటికి ముందు పాప కాలు సగం గాల్లో ఉంటుంది. చూసేవాళ్లకి వెనక వరస చెడిపోయినట్టే కనబడుతుంది. చెవిని నమ్ముకుంటే అలాగే అవుతుంది, చెవి చెప్పింది నిజమే కాబట్టి.

తమాషా ఏంటంటే దూరం ఇంకా పెంచితే తప్పు మాయమైనట్టు కనిపిస్తుంది. 170 మీటర్ల దగ్గర ఆలస్యం సరిగ్గా ఒక అడుగు. అందరి కాళ్లూ ఒకేసారి నేల మోపుతాయి, కాకపోతే ముందువాళ్లది ఎడమకాలు, వెనకవాళ్లది కుడికాలు. 340 మీటర్ల దగ్గర రెండు అడుగుల ఆలస్యం, అన్నీ కలిసిపోతాయి. అన్నిటికన్నా వికారంగా కనబడేది ఆ 85 దగ్గరే. మీ గ్రౌండు అక్కడే ఉందని నా అనుమానం.

---

మాధవరం మాజీ – ఆదివారం, సాయంత్రం 5:50

మాస్టారి లెక్క చూసి నవ్వొచ్చింది. మేం ముప్పై ఏళ్లు కాళ్లతో నేర్చుకున్నది ఆయన నాలుగు లైన్లలో తేల్చేశారు.

టీచరమ్మా, మేం చేసేది ఇది. బ్యాండుని చివర నిలబెట్టం, పొడుగాటి కాలమ్ అయితే మధ్యలో పెడతాం. మధ్యలో ఉంటే ముందుకీ వెనక్కీ దూరం సగమవుతుంది, ఆలస్యమూ సగమే. రెండోది, బేస్ డ్రమ్ దెబ్బ ఎప్పుడూ ఎడమకాలి మీద పడాలి. సైడ్ డ్రమ్ములు ఎన్ని చిలవలు పలవలు వాయించినా పెద్ద దెబ్బ ఎడమకాలిదని పిల్లలకి తెలియాలి. మూడోది ముఖ్యం. వెనక వరసవాళ్లకి చెవితో కాదు, కంటితో నడవమని చెప్పండి. ముందున్నవాడి భుజం కదలిక చూసి అడుగెయ్యాలి. కంటికి ఆలస్యం లేదు.

పైగా మీ బిల్డింగు గ్రౌండుకి ఎదురుగా ఉంటే గోడకి కొట్టుకుని తిరిగొచ్చే దెబ్బ కూడా ఒకటుంటుంది. అది అసలు దెబ్బకి పోటీగా వినబడుతుంది. అలాంటి చోట మేం కూడా తిట్లు తిన్నాం.

పూర్వం యుద్ధంలో డ్రమ్ము చేసిన పని ఇదే. ధైర్యం చెప్పడం తర్వాత సంగతి. వందలమంది భుజం భుజం రాసుకుంటూ నడవాలి, ఒక్కడు పొడుగు అడుగేస్తే వరస చీలుతుంది, చీలిన చోట శత్రువు దూరతాడు. అడుగు 30 అంగుళాలు, నిమిషానికి ఇన్ని అడుగులు అని కట్టడి పెట్టుకుంటే, ఎదుటి గుట్ట చేరడానికి ఎంతసేపు పడుతుందో ఆఫీసరు ముందే లెక్కేసుకోగలడు. 120 అడుగుల నడకకి నిమిషానికి సరిగ్గా 100 గజాలు. నెపోలియన్ కాలంలో ఇంగ్లిషువాళ్ల మామూలు అడుగు 75 మాత్రమే, చాలా నిదానం. అంత నిదానంగా గుండ్ల వానలో నడవడమంటే ఏంటో ఊహించండి. డ్రమ్ము లేకపోతే అందరూ పరుగందుకుంటారు, ముందుకో వెనక్కో.

దాని బలహీనత వాన. అప్పట్లో డ్రమ్ముకి దూడ చర్మం. తడిస్తే సాగి ధబ్ ధబ్ అంటుంది, మోత దూరం పోదు. తాళ్లు బిగించాలి, ఆరితే మళ్లీ వదులు చెయ్యాలి, లేకపోతే పగులుతుంది. చెట్ల వెనకా గుట్టల మీదా చెదిరి పోరాడే లైట్ ఇన్‌ఫాంట్రీకి అంత డొక్కు వేలాడదీసుకుని పరిగెత్తడం కుదర్లేదు. అక్కడే బ్యూగుల్ వచ్చింది. వీపున వేసుకుని పాకొచ్చు.

---

కొమ్ము వెంకటయ్య మనవడు – ఆదివారం, రాత్రి 8:05

మా తాత జాతరలో కొమ్ము ఊదేవాడు. దానికీ మీటల్లేవు, రంధ్రాల్లేవు. సుబేదార్ గారు చెప్పిన స, ప అన్నీ అదే పద్ధతిలో వస్తాయి కదా? అంటే బ్యూగుల్ మన కొమ్ము నుంచే పోయిందంటారా? మన రాజుల సైన్యాల్లో కొమ్ములూ నగారాలూ ఉండేవి కదా.

---

చరిత్ర పురుగు – ఆదివారం, రాత్రి 8:40

ఉండేవి, నగారాలు ఏనుగుల మీదా ఒంటెల మీదా పెట్టి మోయించేవాళ్లు. కానీ ఇక్కడి నుంచి అక్కడికి పోయిందని చెప్పలేం తమ్ముడూ. బ్యూగుల్ పుట్టుక యూరప్‌లో వేటగాళ్ల కొమ్ము నుంచి. జంతువు కొమ్ముకి చివర కోసి ఊదాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. గొట్టం ధర్మం ఒకటే కాబట్టి స్వరాలూ ఒకటే. మీ తాతగారు ఎన్ని స్వరాలు తీసేవారో గుర్తుంటే రాయండి, అది నాకు ఆసక్తి.

---

ఓరుగల్లు కథకుడు – ఆదివారం, రాత్రి 9:15

కథ సగం రాశాను. ఇప్పుడొక దురాలోచన వచ్చింది. రెండు పక్షాలకీ అవే కూతలు తెలిస్తే, మా సిపాయి లోపలి నుంచి "రిటైర్" అని ఊదేస్తే? బయటి పటాలం వెనక్కి పోతుంది కదా! ఇది నమ్మేలా ఉంటుందా, లేక మరీ సినిమాగా ఉంటుందా?

---

చరిత్ర పురుగు – ఆదివారం, రాత్రి 10:30

సినిమా ఏం కాదు. శత్రువు అక్కర్లేకుండా సొంతవాళ్ల చేతిలోనే అది జరిగింది. కాశ్మీరీ గేటుకి మూడేళ్ల ముందు, 1854 సెప్టెంబరు 20న, క్రిమియాలో ఆల్మా నది ఒడ్డున.

ఇంగ్లిషు లైట్ డివిజన్ నది దాటి, ఏటవాలు ఎక్కి, రష్యన్ల పెద్ద మట్టికోటని పట్టుకుంది. చాలామంది పోయారు, వరసలు చెదిరి అంతా కలగాపులగం అయ్యారు. అప్పుడే పైనుంచి ఒక పెద్ద దళం కిందికి దిగొస్తోంది. పొగలో ఎవరో తెలీదు. "కాల్చకండి, వాళ్లు ఫ్రెంచివాళ్లు, మనవాళ్లే" అని ఎవరో అరిచారు. గుర్రం మీది అధికారి ఒకడు బ్యూగ్లర్‌తో కాల్పులాపే కూత ఊదించాడు. ఆ తర్వాత "రిటైర్" మోగింది. ఒక బ్యూగ్లర్ ఊదింది విని పక్కవాడు, వాణ్ణి విని ఇంకొకడు, అలా లైను పొడుగునా అందుకున్నారు. అందుకోవడమే వాళ్లకి నేర్పిన పద్ధతి మరి.

వచ్చింది ఫ్రెంచివాళ్లు కాదు, రష్యన్ల వ్లదీమిర్ రెజిమెంటు. ప్రాణాలు పోసి పట్టుకున్న కోటని వదిలి లైట్ డివిజన్ కిందికి దిగింది, దిగుతూ సాయానికి ఎక్కుతున్న స్కాట్స్ గార్డ్స్ మీద పడి వాళ్ల వరసనీ చెడగొట్టింది. తర్వాత మిగతా గార్డ్స్, హైలాండర్లు వెళ్లి మళ్లీ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ మొదటి హుకుం ఎవరిదో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది.

బ్యూగుల్‌లో ఉన్న పెద్ద లోపం అదే. ఎవరికి చెప్తున్నామో అది చెప్పగలదు. ఎవరు చెప్తున్నారో చెప్పలేదు. జనరల్ ఊదించినా, కంగారుపడ్డ కుర్ర ఆఫీసరు ఊదించినా ఒకటే కూత.

---

మాధవరం మాజీ – సోమవారం, ఉదయం 6:40

పురుగు గారు చెప్పిన చివరి మాట నిజం. అయితే కథలో మీ సిపాయి బయటివాళ్లని వెనక్కి పంపలేడు. కారణం, ముందు 52వ వాళ్ల సొంత కాల్ ఊదితేనే వాళ్లు కదులుతారు, అది అతనికి తెలీదనుకున్నాం. తెలిసినా లోపలి నుంచి వచ్చిన కూతకీ కందకంలోంచి వచ్చిన కూతకీ దిక్కు తేడా తెలిసిపోతుంది. ఆల్మాలో కూత తమ మధ్యలోంచే వచ్చింది, అందుకే నమ్మారు. నేనైతే అతని చేత ఊదించను. ఊదాలని బ్యూగుల్ పెదాలకి ఆనించి, ఆ మొదటి ముక్క గుర్తురాక ఆగిపోయినట్టు రాస్తాను. మీ ఇష్టం.

---

ఓరుగల్లు కథకుడు – సోమవారం, ఉదయం 9:05

సుబేదార్ గారూ, మీరు కథలు ఎందుకు రాయలేదు?

---

డల్లాస్ బాబాయి – సోమవారం, ఉదయం 10:20

బ్యూగుల్ గురించి ఇంత చెప్పారు, మరి బ్యాగ్‌పైపుతో హుకుములిచ్చేవాళ్లు కాదా? మిషన్ గన్నులొచ్చాక ఇవన్నీ మూలపడ్డాయి కదా, 1914 తర్వాత ఎవరూ యుద్ధంలో ఊదలేదనుకుంటా.

---

మాధవరం మాజీ – సోమవారం, సాయంత్రం 6:15

బాబాయ్, ఒక్కొక్కటీ చెప్తా.

పైపు మీద హుకుములివ్వడం కుదరదు. బ్యూగుల్ పెదాల దగ్గర పెడితే తక్షణం మోగుతుంది, కాల్ అయ్యాక ఆగుతుంది. పైపుకి ముందు సంచి నింపాలి, చంకతో నొక్కాలి, డ్రోన్లనే మూడు గొట్టాలు శ్రుతిపెట్టెలా గుమ్మని పట్టుకోవాలి, అప్పుడు వేళ్లతో వాయించే గొట్టం, చాంటర్, మీద పాట. చాంటర్‌కి తొమ్మిది స్వరాలు. మెట్లు మన హరికాంభోజికి దగ్గరగా ఉంటాయి, శ్రుతి మాత్రం మన చెవికి అక్కడక్కడా తేడాగా తగులుతుంది. గాలి ఆగదు కాబట్టి స్వరానికీ స్వరానికీ మధ్య నిశ్శబ్దం ఉండదు. ఒకే స్వరం రెండుసార్లు పలకాలన్నా మధ్యలో వేలితో చిన్న పొడుపు పొడవాలి. నెమ్మదిగా వాయించడం, గట్టిగా వాయించడం అంటూ లేవు, ఎప్పుడూ ఒకే మోత. క్యాంపులో పొద్దున్నే లేపడానికీ తిండికీ పైపు పాటలుండేవి. యుద్ధరంగంలో హుకుం మాత్రం హైలాండు పటాలాల్లో కూడా బ్యూగులే.

పైపు పని వేరు. హుకుం అయిపోయాక, ఇక వెళ్లడం తప్ప వేరే దారి లేనప్పుడు, అది మోగుతూ ఉంటుంది. ఆగకపోవడమే దాని గుణం. నా మాట కాదు, దర్గాయ్ సంగతి చూడండి. 1897 అక్టోబరు 20, వాయవ్య సరిహద్దు, తీరా కొండలు. పైన ఆఫ్రిదీ తెగవాళ్లు తుపాకులతో, కింద దాక్కోడానికి చోటులేని ఖాళీ జాగా. గూర్ఖాలు, ఆ వెనక రెండు ఇంగ్లిషు పటాలాలు దాటబోయి దెబ్బతిన్నాయి. అప్పుడు గోర్డన్ హైలాండర్లని పంపారు. పైపర్లు వాయిస్తూ ముందు నడిచారు. ఫైండ్లేటర్ అనే పైపర్‌కి రెండు కాళ్లకీ దెబ్బ తగిలి పడిపోయాడు. ఒక రాయికి ఆనుకుని కూర్చుని వాయిస్తూనే ఉన్నాడు. గుట్ట చిక్కింది. విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

ఇక్కడొక ముచ్చట. పత్రికలన్నీ అతను "కాక్ ఓ ది నార్త్" వాయించాడని రాశాయి, హుకుం కూడా ఆ పాటకే. ఆయనేమో తర్వాత, నేను వాయించింది అది కాదు, "హాస్ ఆఫ్ క్రోమ్‌డేల్" అన్నాడు. దాడికి ఆ నడకే సరిపోతుందని ఆయన లెక్క. పక్కనే పరుగెత్తినవాళ్లు ఏ పాటో పట్టించుకుని ఉండరు. నాకు అందులో ఆశ్చర్యం లేదు. పరుగెత్తేవాడికి పాట వినబడదు, మోత వినబడుతుంది. అది ఆగలేదంటే మనవాళ్లు ఇంకా ఉన్నారని.

తర్వాత ఆయన పొట్టకూటికి లండన్ మ్యూజిక్ హాళ్లలో వాయిస్తే సర్కారు పెద్దలకి పరువు పోయినట్టైంది. ఈ విషయంలో నా అభిప్రాయం నేను రాయను, రాస్తే చాలా రాస్తాను.

---

చరిత్ర పురుగు – సోమవారం, రాత్రి 7:30

1914 తర్వాత లేదన్నది తప్పు బాబాయ్. 1915 సెప్టెంబరు 25న ఫ్రాన్స్‌లో లూస్ దగ్గర విషవాయువుకి తమవాళ్లు తడబడుతుంటే డేనియల్ లైడ్‌లా కందకం గట్టెక్కి వాయించాడు, ఆయనకీ విక్టోరియా క్రాస్. 1944 జూన్ 6న నార్మండీలో కమాండో దళాధిపతి లార్డ్ లోవాట్ పైపర్ బిల్ మిలిన్ నీళ్లలో వాయించుకుంటూ దిగాడు. పైపర్లని ముందుకి పంపొద్దని అప్పటికి రూలుంది. "అది ఇంగ్లిషు ఆఫీసు రూలు, మనం స్కాట్లండువాళ్లం" అన్నాడట లోవాట్. పట్టుబడ్డ జర్మన్లు, వాడికి పిచ్చెక్కిందనుకుని కాల్చలేదన్నారని మిలిన్ చెప్పుకునేవాడు.

బ్యూగుల్ కూడా చావలేదు. 1950 నవంబరులో కొరియాలో ఉన్సాన్ దగ్గర అమెరికన్ల మీదికి రాత్రిపూట చైనా దళాలు బ్యూగుళ్లు ఊదుకుంటూ వచ్చాయి. వాళ్లకి కింది స్థాయిలో రేడియోలు లేవు. వాళ్లకి అది హుకుం, చీకట్లో వినేవాళ్లకి వణుకు.

---

డల్లాస్ బాబాయి – సోమవారం, రాత్రి 8:02

అంటే నేను ఈ చర్చలో మూడింటికి ఒకటిన్నర కరెక్టు. పాస్ మార్కులే.

---

లక్ష్మీ టీచర్ – శుక్రవారం, సాయంత్రం 4:40

రిపోర్టు ఇస్తున్నాను. బ్యాండుని గ్రౌండు మధ్యకి మార్చాను, పెద్ద దెబ్బ ఎడమకాలని నేర్పాను, వెనకవాళ్లకి ముందువాళ్ల భుజాలు చూడమన్నాను. చాలా మెరుగైంది. కానీ తరగతుల బిల్డింగు వైపు నడిచే రెండు వరసలు ఇంకా తప్పుతున్నాయి. ఇదేనా సుబేదార్ గారన్న గోడ దెబ్బ? పీఈటీ సార్‌కి మాస్టారి లెక్క చూపించాను. "థియరీ బాగుంది" అన్నారు. ఆ పాపని మాత్రం ముందు వరసకి మార్చాను.

---

ఫిజిక్స్ మాస్టారు – శుక్రవారం, రాత్రి 7:10

గోడే కావచ్చు, కాకపోవచ్చు. బ్యాండుకీ గోడకీ మధ్య దూరం అడుగులతో కొలిచి చెప్పండి. 42 మీటర్ల దరిదాపుల్లో ఉంటే పోయిరావడానికి పావు సెకను, అనుమానం గోడ మీదే. ఒక పని చెయ్యండి, సెలవు రోజు డ్రమ్ము ఒక్కటి తీసుకెళ్లి ఒక్క దెబ్బ కొట్టి వినండి. రెండు వినబడితే మీ పిల్లలు రెండిట్లో ఏది నమ్మాలో తెలీక తప్పుతున్నారు.

---

కోనసీమ చిన్నా – శుక్రవారం, రాత్రి 9:20

అన్నలారా, అందరి అనుమానాలూ తీరాయి, నాదే మిగిలింది. మా అక్క పెళ్లి?

---

మాధవరం మాజీ – శనివారం, ఉదయం 6:05

మరిచిపోలేదు చిన్నా. మావాళ్లు రిటైరైనవాళ్లు ఆరుగురు కలిసి చేస్తారు, నంబరూ రేటూ ఇన్‌బాక్స్‌లో పంపుతా. ఊరేగింపుకి పెట్టుకోండి, బాగుంటుంది. కళ్యాణమండపం గేటు దగ్గర మాత్రం ఆపెయ్యమని ముందే చెప్పండి. లోపల నాదస్వరం వాళ్లుంటారు కదా, పైపుకి తగ్గించి వాయించడం రాదు. తాళి కట్టే టైముకి గట్టిమేళం ఎవరికీ వినబడదు.